పూతరేకుల పెట్టె ఎవరి కోసం? మార్కెటింగ్ పరీక్షలో ఎస్‌టీపీ, నాలుగు పీల జవాబు

(కోనసీమలో డిగ్రీ, ఎంబీఏ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. ఈ పూట ఒకే ఒక్క ప్రశ్న తీసుకుందాం. "మార్కెట్ సెగ్మెంటేషన్, టార్గెటింగ్, పొజిషనింగ్ అంటే ఏమిటి? ఒక వస్తువును తీసుకుని దానికి మార్కెటింగ్ మిక్స్ తయారు చేయండి." ఇందులో మొదటి మూడింటినీ కలిపి ఎస్‌టీపీ అంటారు. మాటలు అటూ ఇటూ మారినా ఏటా వచ్చే ప్రశ్నే ఇది. జవాబు పత్రాల్లో ఎక్కువమంది చేసే పొరపాటు కూడా ఒకటే. సెగ్మెంటేషన్‌కు నిర్వచనం రాస్తారు. భౌగోళికం, జనాభా, జీవనశైలి, ప్రవర్తన అని నాలుగు ఆధారాలు రాస్తారు. టార్గెటింగ్ కింద మూడు వ్యూహాలు, పొజిషనింగ్ కింద రెండు వాక్యాలు, చివర ప్రోడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్ అనే నాలుగు పీలు. విడివిడిగా చూస్తే అన్నీ సరైనవే. కానీ పైన రాసినదానికీ కింద రాసినదానికీ చుట్టరికం ఉండదు. పైన ఉద్యోగం చేసే ఆడవాళ్లు లక్ష్యమంటారు, కింద ప్రమోషన్ దగ్గరికొచ్చేసరికి టీవీ, పేపర్, హోర్డింగ్, రేడియో అన్నీ పెట్టేస్తారు. మార్కులు పోయేది అక్కడే.

మీ జవాబును మీరే పరీక్షించుకునే ఉపాయం ఒకటి చెబుతాను. రాయడం అయ్యాక పై సగాన్ని చేత్తో మూసేయండి. కింద నాలుగు పీలు మాత్రమే చదవండి. ఈ సరుకు ఎవరి కోసమో వాటిని బట్టి చెప్పగలిగితే జవాబు నిలబడినట్టు. చెప్పలేకపోతే పైన ఎన్ని నిర్వచనాలున్నా అది పోగేసిన నోట్సు మాత్రమే.

ఉదాహరణకు మనకు దూరం వెళ్లే పనిలేదు. ఆత్రేయపురం పూతరేకులు తీసుకుందాం. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, వచ్చింది. తయారీ మీలో చాలామంది కళ్లారా చూసి ఉంటారు. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పలచగా జారుగా కలుపుతారు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగుతారు. కాగితం కన్నా పలచని రేకు లేస్తుంది. ఆ రేకుల మీద నెయ్యి, పంచదార పొడో బెల్లమో వేసి మడతపెడతారు. ఇప్పుడు మార్కెటింగ్ చదివేవాళ్లు గమనించాల్సింది రెండు గుణాలు. రేకు పలచన, కాబట్టి నలుగుతుంది. రేకు పొడి, కాబట్టి తేమ తగిలితే మెత్తబడుతుంది. మనం రాయబోయే నాలుగు పీలలో సగం ఈ రెండు గుణాల నుంచే వస్తాయి.

ఒక చిన్న తయారీ కేంద్రం ఉందనుకుందాం. రోజుకు 600 పూతరేకులు చేయగలదు. పెట్టెకు 10 చొప్పున 60 పెట్టెలు. నెలకు 25 రోజుల పని లెక్కన 1,500 పెట్టెలు. ఇవి, ఇకముందు చెప్పే రూపాయలు కూడా, లెక్క అర్థం కావడానికి అనుకున్న అంకెలు. పరీక్షలో మీరూ అలాగే "అనుకుందాం" అని ముందే రాసి అంకెలు వాడవచ్చు. అనుకున్నామని చెప్పి వాడితే అది విశ్లేషణ, చెప్పకుండా వాడితే కల్పన.

మొదటి మెట్టు సెగ్మెంటేషన్. ఈ ఆలోచనను మార్కెటింగ్ చదువులోకి స్పష్టంగా తెచ్చినవాడు వెండెల్ స్మిత్, 1956లో. ఒక్క వాక్యంలో చెబితే, ఒకే సరుకును వేర్వేరు అవసరాల కోసం కొనేవాళ్లను గుంపులుగా గుర్తించడం. గుర్తించడం అనే మాట కింద గీత గీయండి. గుంపులు మార్కెట్‌లో ముందే ఉంటాయి, మనం కనిపెడతామంతే.

ఇక్కడ చాలామంది వెంటనే వయసు, ఆదాయం అంటూ మొదలుపెడతారు. పూతరేకులకు అది పనిచేయదు. ఇరవై ఏళ్ల పిల్లాడూ తింటాడు, డెబ్భై ఏళ్ల పెద్దాయనా తింటాడు. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి మీద బస్సు దిగినవాడూ, కారు దిగినవాడూ ఒకే కొట్టులో కొంటారు. వయసును బట్టి కొనుగోలు తీరు మారనప్పుడు ఆ ఆధారం మీద విభజించి ఉపయోగం లేదు. మరి దేన్ని బట్టి మారుతోంది? కొనే సందర్భాన్ని బట్టి. ప్రవర్తన ఆధారంగా విభజన అంటే ఇదే.

సందర్భాన్ని బట్టి చూస్తే మనకు మూడు గుంపులు కనిపిస్తాయి. దారిన పోతూ ఆగి ఇంటికి ఒక పెట్టె పట్టుకెళ్లేవాళ్లు ఒకరు. వాళ్లకు కావాల్సింది చప్పున దొరకడం, ధర అందుబాటులో ఉండడం. వాళ్లు ఆ రోజో మర్నాడో తినేస్తారు. రెండోవాళ్లు పెళ్లికి, ఆషాఢం సారెకు వందల్లో ఆర్డరిచ్చేవాళ్లు. వాళ్లకు అనుకున్న రోజుకు అనుకున్న లెక్క చేతికి రావాలి, ఒక్కరోజు ఆలస్యమైనా ఆ సరుకు వాళ్లకు అక్కరకు రాదు. మూడోవాళ్లు ఇక్కడ ఉండి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలకు పార్సిల్ పంపేవాళ్లు. ఈ మూడో గుంపులో డబ్బిచ్చేది ఒకరు, తినేది మరొకరు. అమ్మ కొంటుంది, కూతురు తింటుంది. అమ్మకు ఉన్న భయం ఒక్కటే, "అక్కడికి చేరేసరికి పొడైపోతుందేమో" అని.

రహదారి మీద కొట్టువాళ్లను నాలుగో సెగ్మెంట్‌గా రాయాలని కొందరికి అనిపిస్తుంది. అక్కడ కాస్త ఆగండి. కొట్టు యజమాని తినడానికి కొనడు, తిరిగి అమ్మడానికి కొంటాడు. వాణిజ్య మార్కెట్ విభజన అని ప్రశ్న అడిగితే అతన్నీ చేర్చవచ్చు. వినియోగదారుల విభజనలో మాత్రం అతను సెగ్మెంట్ కాదు, పంపిణీ మార్గంలో ఒక మజిలీ. ఈ తేడాను ఒక్క వాక్యంలో రాసినా పేపరు దిద్దేవారికి మీరు విషయం తెలిసి రాశారని అర్థమవుతుంది.

గుంపు పనికొస్తుందా లేదా అని చూడడానికి అయిదు కొలతలు చెబుతారు. కొలవగలగాలి, తగినంత పెద్దదై ఉండాలి, మనం చేరుకోగలగాలి, మిగతావాళ్లకన్నా తేడాగా స్పందించాలి, మన శక్తిలో దానికి తగ్గ ఏర్పాటు చేయగలగాలి. అయిదూ రాయండి గానీ అన్నిటికీ పేరాలు పెంచకండి. మన కేసులో తీర్పు చెప్పేవి చివరి రెండే. పార్సిల్ పంపే అమ్మ గట్టి పెట్టెకు ఎక్కువ ధర ఇస్తుంది, దారిన పోయేవాడు ఇవ్వడు. అది తేడా స్పందన. పెళ్లికి ఒకేసారి 3,000 పూతరేకులు కావాలంటే మన కేంద్రానికి అయిదు రోజుల పూర్తి పని. ఒకే ముహూర్తానికి నాలుగు పెళ్లిళ్లుంటే మనవల్ల కాదు. అది శక్తి.

రెండో మెట్టు టార్గెటింగ్. అందరికీ ఒకటే అమ్మడం, ఒక్కో గుంపుకు ఒక్కో ఏర్పాటు చేయడం, ఒక్క గుంపు మీదే నిలబడడం అనే మూడు దారులు పుస్తకాల్లో ఉంటాయి. మనది చిన్న కేంద్రం కాబట్టి మూడోది, కేంద్రీకృత టార్గెటింగ్. చిన్నది కాబట్టి అని ఒక్క మాట రాసి వదిలేస్తే చాలదు, లెక్కతో చూపించాలి.

ఒక పెట్టెకు సరుకు, కూలి కలిపి 120 రూపాయలు అనుకుందాం. నెలకు స్థిర ఖర్చులు, అంటే షెడ్డు అద్దె, కరెంటు, ఆర్డర్లు చూసే మనిషి జీతం లాంటివి 42,600 రూపాయలు. దారిన పోయే గుంపు కోసం రహదారి కొట్టుకు పెట్టె 140కి ఇస్తే పెట్టె మీద మిగిలేది 20. స్థిర ఖర్చులు తేరాలంటే 42,600ను 20తో భాగించాలి, 2,130 పెట్టెలు అమ్మాలి. మన శక్తి నెలకు 1,500. అంటే నెలంతా పొయ్యి ఆరకుండా చేసినా నష్టమే.

పార్సిల్ గుంపుకు చూద్దాం. గట్టి పెట్టెకు 18 రూపాయలు అదనం, కాబట్టి 138. కొరియర్‌కు 80 రూపాయలు, అది కొనేవారే విడిగా కడతారు. నలిగిపోతే తిరిగి పంపుతామని మాటిస్తాం. నూటికి 5 పెట్టెలు నలుగుతాయనుకుంటే, ఒక్కోటి తిరిగి పంపడానికి 138కి 80 కలిపి 218, అయిదింటికి 1,090. ఆ భారం నూరు పెట్టెల మీద సర్దితే పెట్టెకు దాదాపు 11. మొత్తం ఖర్చు 149. అమ్మకం ధర 220 పెడితే మిగిలేది 71. 42,600ను 71తో భాగిస్తే సరిగ్గా 600 పెట్టెలు. మన శక్తిలో నూటికి 40 వంతులు అమ్మితే ఖర్చులు తేరినట్టే. ఈ రెండు లెక్కలు పక్కపక్కన వేస్తే ఏ గుంపును ఎంచుకోవాలో ఎవరూ మనకు చెప్పనక్కర్లేదు.

కేంద్రీకృత టార్గెటింగ్‌కు లోపం కూడా రాయాలి. ఒక్క గుంపు మీదే ఆధారపడితే ఆ గుంపు తగ్గినప్పుడు మనమూ తగ్గుతాం. సంక్రాంతికి పిల్లలే ఊరికొచ్చేస్తారు కదా, ఆ వారం పార్సిళ్లు పడిపోతాయి. తిరిగి వెళ్లేటప్పుడు చేతికిచ్చి పంపే పెట్టె వైపు ఆ రోజుల్లో మళ్లాలి. గుంపు అదే, సందర్భం కాస్త జరిగింది.

మూడో మెట్టు పొజిషనింగ్. ఎక్కువ తడబడేది ఇక్కడే. 1970ల మొదట్లో ఆల్ రీస్, జాక్ ట్రౌట్ ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. పొజిషనింగ్ జరిగేది సరుకులో కాదు, కొనేవాడి మనసులో అన్నది వాళ్లు చెప్పిన విషయం. పోటీ సరుకుల పక్కన మన సరుకు ఏ మాటతో గుర్తుకొస్తుంది అన్నదే ప్రశ్న. "నాణ్యమైనది, రుచికరమైనది, సరసమైనది" అని రాస్తే ఏదీ చెప్పనట్టే, ఆ మూడు మాటలూ పక్క కొట్టువాడూ చెబుతాడు.

వాక్యాన్ని నాలుగు ముక్కలుగా కట్టండి. ఎవరికి, ఏ రకం సరుకు, ఏ విషయంలో తేడా, ఎందుకు నమ్మాలి. మన కేసుకు ఇలా వస్తుంది: "దూరాన ఉన్న పిల్లలకు ఇంటి తీపి పంపాలనుకునే గోదావరి తల్లిదండ్రులకు, మాది రేకు విరగకుండా చేరే ఆత్రేయపురం పూతరేకు. అరల పెట్టెలో కదలకుండా సర్దుతాం, నలిగితే తిరిగి పంపుతాం." చివరి ముక్క లేకపోతే అది నినాదమే. నమ్మడానికి కారణం సరుకులోనో, ఏర్పాటులోనో కనపడాలి.

పర్సెప్చువల్ మ్యాప్, అంటే కొనేవాళ్ల మనసులో ఏ సరుకు ఎక్కడుందో చూపే పటం, గీయమంటే ఒక జాగ్రత్త తీసుకోండి. చాలామంది ఒక గీతకు ధర, రెండో గీతకు నాణ్యత పెడతారు. నాణ్యత పెరిగితే ధరా పెరుగుతుందని జనం అనుకుంటారు కాబట్టి చుక్కలన్నీ కింది మూల నుంచి పై మూలకు ఒకే వాలులో పడతాయి. ఖాళీ ఎక్కడుందో కనపడదు. ఒకదానితో ఒకటి ముడిపడని రెండు గుణాలు తీసుకోవాలి. మనకైతే అడ్డంగా "తాజాగా అప్పటికప్పుడు" నుంచి "ఇంకొన్నాళ్లు నిలవ" వరకు, నిలువుగా "చేతిలో పట్టుకెళ్లేది" నుంచి "దూరం పంపగలిగేది" వరకు. రహదారి కొట్లు తాజా, చేతిలో పట్టుకెళ్లేది అనే మూలలో గుంపుగా పడతాయి. మిఠాయి దుకాణాల్లో సీలు చేసిన పెట్టెలు నిలవ, దూరం అనే మూలలో పడతాయి. తాజాగా చేసి దూరం పంపేది అన్న మూల ఖాళీ. అయితే ఖాళీ ఉన్నంత మాత్రాన లాభం ఉంటుందని కాదు. అక్కడ కొనేవాళ్లు లేకపోవడం వల్ల కూడా ఖాళీగా ఉండవచ్చు. అందుకే ముందు గుంపును లెక్కతో చూసి, తర్వాత పటం గీశాం.

ఇక నాలుగో మెట్టు మార్కెటింగ్ మిక్స్. ఈ మాటను వాడుకలోకి తెచ్చినవాడు నీల్ బోర్డెన్, దాన్ని ప్రోడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్ అని నాలుగు పీలుగా 1960లో కుదించినవాడు జెరోమ్ మెకార్తీ. సేవల గురించి ప్రశ్న వస్తే, ఉదాహరణకు దిండి దగ్గర హౌస్‌బోటు, 1981లో బూమ్స్, బిట్నర్ చేర్చిన మనుషులు, ప్రక్రియ, భౌతిక ఆధారాలు కూడా కలిపి ఏడు రాయాలి. మనది వస్తువు కాబట్టి నాలుగు చాలు.

ప్రోడక్ట్ కింద రుచి గురించి పొడుగ్గా రాయకండి. మన పొజిషన్ "విరగకుండా చేరేది". కాబట్టి ఇక్కడ సరుకు అంటే పూతరేకూ, పెట్టే కలిపి. మెత్తటి అట్టపెట్టె అయితే పైన ఇంకో పార్సిల్ పడగానే కుంగుతుంది. కాబట్టి గట్టి పెట్టె, లోపల ఒక్కో పూతరేకుకు ఒక్కో అర, తేమ తగలకుండా కవరు సీలు. పెట్టెలో ఖాళీ మిగిలితే లోపలే ఒకదానికొకటి కొట్టుకుని నలుగుతాయి. 10 పట్టే పెట్టెలో 8 పెట్టి పంపడం అందుకే తప్పు. ఆహార పదార్థం కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, తయారు చేసిన తేదీ, ఎప్పటిలోపు తినాలన్నది పెట్టె మీద ఉండాలి. ఈ గుంపుకు తేదీ చట్టం కోసమే కాదు, తాజా అన్న మాటకు రుజువు కూడా. జీఐ గురించి ఒక్క మాట. ఊరికి గుర్తింపు వచ్చింది కదా అని ఎవరైనా ఆ ముద్ర వేసుకోలేరు. అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలి. మీ జవాబులో ఆ షరతు రాయండి.

ప్రైస్‌లో 220 ఎందుకో పైన లెక్క వచ్చేసింది. దాన్ని ఇక్కడ మళ్లీ వేయకుండా, ధర పొజిషన్‌కు ఎలా సరిపోతుందో రాయండి. కొనేవారికి మొత్తం 300 పడుతుంది, అందులో 80 దారి ఖర్చు. ఒకే పార్సిల్‌లో రెండు పెట్టెలు పంపితే కొరియర్ రెట్టింపు కాదు. 110 అనుకుంటే పెట్టెకు 55 పడుతుంది. కాబట్టి పెట్టె ధర తగ్గించకుండానే రెండు పెట్టెల జోడీ పెట్టి కొనేవారికి ఆదా చూపవచ్చు. అదే "పండగకు 30 శాతం తగ్గింపు" అని రాస్తే ఏమవుతుందో చూడండి. 220లో 66 తగ్గితే పెట్టె మీద మిగిలేది 71 కాదు, 5 రూపాయలు. స్థిర ఖర్చులు తేరడానికి 8,520 పెట్టెలు కావాలి. ప్రమోషన్ కింద అలవాటుగా డిస్కౌంట్ రాసేవాళ్లు ఈ ఒక్క లెక్క వేసుకుంటే మళ్లీ రాయరు.

ప్లేస్ అంటే ఊరి పేరు కాదు, సరుకు కొనేవారి చేతికి చేరే దారి. మన దారిలో కొట్టు లేదు. ఫోనులో ఆర్డరు, ఆ పూట చేసిన సరుకు, సాయంత్రం కొరియర్. ఏ రోజు పంపకూడదో కూడా ప్లేస్ నిర్ణయమే. కొరియర్ ఆఫీసు ఆదివారం పంపిణీ చేయకపోతే శనివారం పంపిన పెట్టె ఒక రోజు గోడౌన్‌లో బరువుల కింద పడి ఉంటుంది. నలిగిన ఫిర్యాదులు ఏ రోజు పంపినవాటికి వస్తున్నాయో రాసి పెట్టుకుంటే ఇది వారాల్లోనే బయటపడుతుంది. ఫిర్యాదులు నూటికి 5 దాటాయంటే మన 149 లెక్క తప్పుతుంది. అప్పుడు ధర జోలికి పోకుండా ముందు పెట్టె, పంపే రోజు చూడాలి.

ప్రమోషన్ దగ్గర కొనేదెవరు, తినేదెవరు అన్నది గుర్తు తెచ్చుకోండి. కొనేది ఇక్కడి తల్లి. ఆమెకు చెప్పాల్సింది రుచి గురించి కాదు, రుచి ఆమెకు మనకన్నా బాగా తెలుసు. పెట్టెను నడుమెత్తు నుంచి కింద పడేసి, విప్పి, రేకు చెక్కుచెదరలేదని చూపే చిన్న వీడియో ఆమె భయానికి సూటి జవాబు. అది వాట్సాప్‌లో చుట్టాల గుంపుల్లో తిరుగుతుంది. తినే కూతురి కోసం పెట్టెలో ఒక చీటీ, దాని మీద ఆర్డరు నంబరు. ఆమె తన ఆఫీసులో నలుగురికి పంచినప్పుడు ఆ చీటీయే మన ప్రకటన. ప్రతి ఆర్డరుకూ "మా గురించి ఎలా తెలిసింది?" అని అడిగి రాసుకుంటే, వీడియో పనిచేస్తోందా చీటీ పనిచేస్తోందా అన్నది తేలుతుంది. రాష్ట్రమంతా హోర్డింగులు అని మాత్రం రాయకండి, నెలకు 1,500 పెట్టెలు చేసే కేంద్రానికి అది అతకదు.

పత్రంలో చోటు ఎలా పంచాలో కూడా చెబుతాను. నాలుగు పేజీలు రాయగలమనుకుంటే నిర్వచనాలన్నీ కలిపి అర పేజీ దాటనివ్వకండి. గుంపులు, ఎంపిక, లెక్క కలిపి పేజీన్నర. పొజిషనింగ్ వాక్యం, పటం అర పేజీ. మిగిలిన పేజీన్నర నాలుగు పీలకు. ప్రతి పీ మొదటి వాక్యంలో "మన పొజిషన్ ఇది కాబట్టి" అన్న ముడి కనపడాలి.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? అడగండమ్మా.

"అయ్యగారూ, పార్సిల్ గుంపుకు 600 పెట్టెలే అమ్ముడైతే మిగతా 900 పెట్టెల శక్తి ఖాళీగా ఉంటుంది కదండీ. అవి రహదారి కొట్టుకు 140కి ఇవ్వకూడదా? పెట్టెకు 20 అయినా వస్తుంది కదండీ."

మంచి ప్రశ్న అడిగావమ్మా. లెక్క ప్రకారం నువ్వన్నది నిజం. స్థిర ఖర్చులు 600 దగ్గరే తేరిపోయాయి కాబట్టి ఆ పైన వచ్చే ప్రతి 20 రూపాయలూ లాభమే. ఇబ్బంది పొజిషన్ దగ్గర వస్తుంది. అదే పేరుతో పెట్టె కొట్టులో 180కి కనపడితే, నిన్న 220 కట్టిన తల్లి రేపు కొట్టులోనే కొని తానే కొరియర్ వేస్తుంది. అది నలుగుతుంది, పేరు మనదే పోతుంది. ఇవ్వాలంటే మన పేరు లేకుండా, మామూలు పెట్టెలో, అరలు లేకుండా ఇవ్వాలి. పరీక్షలో రాస్తే దాన్ని ప్లేస్ కింద కాదు, టార్గెటింగ్ కింద రాయి. దారిన పోయే గుంపుకు కూడా వేరే ఏర్పాటు పెట్టావు కాబట్టి అది కేంద్రీకృతం నుంచి విభేదీకృత టార్గెటింగ్‌కు మారినట్టు. అప్పుడు ఆ గుంపుకు నాలుగు పీలూ మళ్లీ విడిగా రాయాల్సి వస్తుంది, పరీక్షలో అంత టైమ్ ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టు.